డిడక్టిబుల్, కోపే, సమ్ ఇన్సూర్డ్: ఎంత బిల్లుకు ఏది మన జేబులోంచి తీయిస్తుంది

మా అత్తయ్యకు ఆపరేషన్ అయ్యాక డిశ్చార్జి రోజు కౌంటర్‌లో మా చేతికి ఒక కాగితం ఇచ్చారు. మొత్తం బిల్లు 4,00,000. దాని కింద క్లెయిమ్‌లోకి రాని ఖర్చులు 30,000. మిగిలింది 3,70,000. ఆ కింద కోపే 20 శాతం, అంటే 74,000. కంపెనీ ఇచ్చేది 2,96,000, మేం కట్టాల్సింది 1,04,000.

ఆవిడ ఆరోగ్య బీమా పాలసీ పది లక్షలది. పది లక్షల పాలసీ ఉండగా నాలుగు లక్షల బిల్లుకు మనం లక్ష కట్టడమేంటని మా బావ అక్కడే నిలబడి మళ్లీ మళ్లీ అడిగాడు. లెక్కలో తప్పేమీ లేదు. పాలసీ పత్రంలో కోపే సంగతి స్పష్టంగానే ఉంది. కొనేటప్పుడు ఇంట్లో అందరం చూసింది ‘పది లక్షలు’ అన్న అంకెనే. ఆ రోజు నుంచి మా వాళ్లలో ఎవరు పాలసీ తీసుకుంటున్నా ముందు నేను కూర్చుని మూడు నాలుగు రకాల బిల్లులు ఊహించి లెక్క వేసి చూపిస్తున్నాను. ఇక్కడ చెప్పబోయేది ఆ లెక్కే.

మూడు మాటలకూ అర్థం చిన్నదే. సమ్ ఇన్సూర్డ్ అంటే ఒక పాలసీ సంవత్సరంలో కంపెనీ గరిష్ఠంగా ఇచ్చే మొత్తం. డిడక్టిబుల్ అంటే కంపెనీ డబ్బు ఇవ్వడం మొదలుపెట్టేలోపు మన వైపు నుంచి భరించాల్సిన స్థిరమైన మొత్తం. కోపే అంటే కంపెనీ ఒప్పుకున్న ఖర్చులో మన వాటాగా పోయే శాతం. అర్థం తెలిసినంత మాత్రాన ఎంపిక తేలిక కాదు, ఎందుకంటే ఈ మూడూ ఒకే బిల్లు మీద ఒకేలా పనిచేయవు. చిన్న బిల్లు వచ్చినప్పుడు నొప్పి డిడక్టిబుల్ దగ్గర తెలుస్తుంది. బిల్లు పెరిగేకొద్దీ కోపే దానితో పాటే పెరుగుతుంది. చాలా పెద్ద బిల్లు వచ్చినప్పుడు సమ్ ఇన్సూర్డ్ ఎక్కడ ఆగిపోయిందన్నదే అసలు ప్రశ్న అవుతుంది.

ఒక కుటుంబాన్ని తీసుకుందాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, నలుగురికీ కలిపి ఒకే ఫ్లోటర్ పాలసీ. వాళ్ల ముందు మూడు పాలసీలున్నాయి, ప్రీమియం మూడింటికీ దాదాపు ఒకటే అనుకుందాం. మొదటిదానికి సమ్ ఇన్సూర్డ్ 5 లక్షలు, డిడక్టిబుల్ లేదు, కోపే లేదు. రెండోదానికి 10 లక్షలు, ప్రతి క్లెయిమ్‌లో 20 శాతం కోపే. మూడోదానికి 15 లక్షలు, కోపే లేదు కానీ ఏడాదికి లక్ష డిడక్టిబుల్. ఆ ఏడాది మొత్తం మీద కంపెనీ ఒప్పుకున్న ఆసుపత్రి ఖర్చు ఎంతయితే కుటుంబం చేతి నుంచి ఎంత పోతుందో ఇదిగో:

| ఏడాది ఖర్చు | మొదటి పాలసీ | రెండో పాలసీ | మూడో పాలసీ |
|---|---|---|---|
| 60 వేలు | 0 | 12 వేలు | 60 వేలు |
| 4 లక్షలు | 0 | 80 వేలు | 1 లక్ష |
| 6 లక్షలు | 1 లక్ష | 1.2 లక్షలు | 1 లక్ష |
| 12 లక్షలు | 7 లక్షలు | 2.4 లక్షలు | 1 లక్ష |
| 25 లక్షలు | 20 లక్షలు | 15 లక్షలు | 10 లక్షలు |

మొదటి రెండు వరుసలే చూసి ఆగిపోతే మూడో పాలసీ ఎవరికీ నచ్చదు. పిల్లవాడికి జ్వరం వచ్చి మూడు రోజులు ఆసుపత్రిలో ఉంటే బిల్లంతా మనమే కట్టాలి, ఇంక పాలసీ ఎందుకు అనిపిస్తుంది. కానీ కింది వరుసల్లోకి వెళ్లేసరికి తూకం తిరగబడుతుంది. ఖర్చు 5 లక్షలు దాటిన దగ్గర నుంచి మొదటి పాలసీలో ప్రతి రూపాయీ కుటుంబానిదే. మూడో పాలసీలో ఖర్చు 16 లక్షలు చేరేదాకా కుటుంబం కట్టేది ఆ లక్షే, ఒక్క రూపాయి పెరగదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది రెండో పాలసీ. కోపే ఉన్నా పది లక్షలున్నాయి కదా, మధ్యేమార్గంగా బాగుంటుందని చాలామంది దానివైపే మొగ్గుతారు. పట్టికలో ఏ వరుసలో చూసినా అది అందరికంటే తక్కువ ఖర్చు అయిన చోటు ఒక్కటీ లేదు. వరుసల మధ్యలో వెతికినా దొరకదు. ఖర్చు 5 లక్షల లోపుంటే మొదటి పాలసీయే మేలు. 5 లక్షల దగ్గర కోపే సరిగ్గా లక్ష అవుతుంది, అక్కడి నుంచి మూడోదానికంటే రెండోది ఖరీదు. మొదటిదాన్ని అది ఓడించేది 6.25 లక్షలు దాటాకే, అప్పటికే మూడోది దాన్ని దాటిపోయింది. అంకెలు మారితే ఈ హద్దులు మారతాయి, కానీ లెక్క వేసే పద్ధతి ఇదే. డిడక్టిబుల్‌ని కోపే శాతంతో భాగించండి. లక్షను 20 శాతంతో భాగిస్తే 5 లక్షలు. అదే కోపే 10 శాతమైతే హద్దు 10 లక్షలకు జరుగుతుంది, అప్పుడు కోపే పాలసీ అంత చెడ్డది కాదు. మీ ముందున్న రెండు పాలసీలకు ఈ ఒక్క భాగహారం చేస్తే ఎంత ఖర్చు దగ్గర ఏది మేలో వెంటనే తేలుతుంది.

కోపేతో నాకున్న పేచీ దాని పరిమాణం గురించి కాదు, అది ఎంతవుతుందో ముందే తెలియకపోవడం గురించి. లక్ష డిడక్టిబుల్ అయితే లక్ష పక్కన పెట్టుకుని నిశ్చింతగా ఉండొచ్చు. 20 శాతానికి ఎంత పక్కన పెట్టుకోవాలి? ఐసీయూలో మనిషి ఉన్నంతకాలం రోజురోజుకీ మన వాటా పెరుగుతూనే ఉంటుంది.

పైగా కోపేను సమ్ ఇన్సూర్డ్‌కి ముందు లెక్కిస్తారా, తర్వాత లెక్కిస్తారా అన్నది కూడా చూడాలి. పట్టికలో 12 లక్షల ఖర్చుకు 2.4 లక్షలని వేశాను. అది ఒప్పుకున్న మొత్తం ఖర్చు మీద 20 శాతం తీసేసి, మిగిలిన 9.6 లక్షలు పది లక్షల లోపే ఉన్నాయి కాబట్టి అంతా ఇస్తే వచ్చే లెక్క. అదే ముందుగా ఖర్చును పది లక్షలకు కత్తిరించి, ఆ పది మీద 20 శాతం తీస్తే కంపెనీ ఇచ్చేది 8 లక్షలే, కుటుంబం కట్టేది 4 లక్షలు. పాలసీ అదే, బిల్లు అదే, తేడా 1.6 లక్షలు. ‘కోపే దేని మీద’ అన్న వాక్యం పాలసీ పత్రంలో ఎక్కడుందో వెతికి చదవాల్సింది ఇందుకే. అర్థం కాకపోతే ఇలాంటి ఒక బిల్లు రాసిచ్చి ఎంత వస్తుందో లెక్క చెప్పమని అడగాలి.

కోపే అందరికీ ఒకేలా ఉండదు కూడా. కొన్ని పాలసీల్లో అన్ని క్లెయిమ్‌లకూ ఉంటుంది, కొన్నింట్లో ఒక వయసు దాటిన వాళ్లకే, కొన్నింట్లో కంపెనీ జాబితాలో లేని ఆసుపత్రికి వెళ్తేనే. చివరి రకానికి నేను భయపడను. దగ్గర్లో జాబితాలోని మంచి ఆసుపత్రి ఉంటే దాన్ని తప్పించుకోవడం చాలావరకు మన చేతిలో పని. వయసుని బట్టి వచ్చేది అలా కాదు. పెద్దవాళ్లను కూడా అదే ఫ్లోటర్‌లో చేర్చాలనుకుంటే, కోపే వాళ్ల క్లెయిమ్‌కే పరిమితమా, వాళ్లు చేరడం వల్ల పిల్లల క్లెయిమ్‌కి కూడా వర్తిస్తుందా అన్నది ముందే కనుక్కోవాలి. నా మాట అడిగితే పెద్దవాళ్లకు వేరే పాలసీ తీసుకోమంటాను. వాళ్లకు కోపే లేని పాలసీ దొరకడం కష్టమైనా, ఆ షరతు వాళ్ల పాలసీ దాటి ఇంటిల్లిపాది మీదకూ రాకుండా ఉంటుంది. వాళ్ల పెద్ద క్లెయిమ్ ఒకటి పిల్లల సమ్ ఇన్సూర్డ్‌ని తినేయకుండానూ ఉంటుంది.

ఇప్పుడు డిడక్టిబుల్. మూడో పాలసీని మెచ్చుకున్నాను కాబట్టి దాని లోపలి చిక్కు కూడా చెప్పాలి. పట్టికలోది ఏడాదికి ఒకసారి లెక్కించే డిడక్టిబుల్. అదే లక్షను క్లెయిమ్‌కి ఒకసారి లెక్కించే పాలసీలూ ఉన్నాయి. పైపైన చూస్తే రెండూ ‘లక్ష డిడక్టిబుల్’ అనే కనిపిస్తాయి. ఒక ఏడాదిలో ఇంట్లో మూడు సార్లు ఆసుపత్రి పాలయ్యారనుకోండి: 70 వేలు, 90 వేలు, 2 లక్షలు. మొత్తం 3.6 లక్షలు. ఏడాది లెక్కన అయితే కుటుంబం లక్ష భరిస్తే కంపెనీ 2.6 లక్షలు ఇస్తుంది. క్లెయిమ్ లెక్కన అయితే మొదటి రెండు బిల్లులూ లక్ష లోపే కాబట్టి పూర్తిగా మనవే, మూడోదాంట్లో మళ్లీ లక్ష మనదే. కుటుంబం 2.6 లక్షలు కడుతుంది, కంపెనీ లక్ష ఇస్తుంది. అంకెలు అచ్చంగా తారుమారయ్యాయి. ఒక్క పెద్ద బిల్లు వచ్చిన ఏడాది ఈ తేడా అసలు కనిపించదు, అందుకే కొన్నవాళ్లు చాలాకాలం దాకా దీన్ని గమనించరు.

ఏడాది లెక్క డిడక్టిబుల్ ఉన్నవాళ్లు చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. మొదటి బిల్లు 70 వేలే కదా, ఎలాగూ ఏమీ రాదు అని కాగితాలు పక్కన పడేస్తారు. ఆరు నెలల తర్వాత రెండో బిల్లు వచ్చినప్పుడు, ఇప్పటికే 70 వేలు భరించామని చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. డిశ్చార్జి సమ్మరీ, వివరాలున్న బిల్లు, కట్టిన రసీదులు, మందుల చీటీలు, పరీక్షల రిపోర్టులు ఇవన్నీ ఒక కవర్లో పెట్టుకోవాలి. డబ్బు రాకపోయినా ఆ చికిత్స గురించి గడువులోపు కంపెనీకి తెలియజేయాలని పాలసీలో ఉంటే ఆ పనీ అప్పుడే చేసేయాలి.

అలాగే డిడక్టిబుల్‌లోకి లెక్కకొచ్చేది మనం కట్టిన డబ్బంతా కాదు, పాలసీ ఒప్పుకునే ఖర్చు మాత్రమే. బిల్లు 1.3 లక్షలైతే, అందులో చేతి తొడుగులు, రిజిస్ట్రేషన్ ఫీజు, మనిషి వెంట ఉన్నవాళ్ల భోజనం లాంటి పాలసీ ఒప్పుకోనివి 20 వేలుంటే, లెక్కకొచ్చేది 1.1 లక్షలు. అందులో లక్ష డిడక్టిబుల్ పోగా కంపెనీ ఇచ్చేది 10 వేలు. కుటుంబం కట్టేది 1.2 లక్షలు. లక్ష పక్కన పెట్టుకుంటే సరిపోతుందని పైన అన్నాను, నిజానికి దానికి ఇంకొంచెం కలిపి పెట్టుకోవడం మంచిది.

ఆ డబ్బు ఎక్కడ ఉందన్నది కూడా ఎంతో ముఖ్యం. క్యాష్‌లెస్ అయినా సరే, డిడక్టిబుల్ మొత్తం ఆసుపత్రికి మనమే కట్టాలి. మనిషి ఇంటికి రావాల్సిన రోజున పొలమో, పదేళ్ల డిపాజిట్టో ఉపయోగపడవు. అందుకే ఎంత డిడక్టిబుల్ తీసుకోవచ్చు అని ఎవరైనా అడిగితే, అప్పు చేయకుండా, ఎవర్నీ అడగకుండా రెండు రోజుల్లో మీ చేతికి ఎంత తెచ్చుకోగలరని నేను తిరిగి అడుగుతాను. వాళ్లు చెప్పిన అంకెను మించిన డిడక్టిబుల్ వాళ్లకు పనికిరాదు, ప్రీమియం ఎంత తగ్గినా సరే. యాభై వేలే తేగలిగిన ఇంటికి మొదటి పాలసీయే సరైనది, పెద్ద బిల్లు ప్రమాదం దానిలో మిగిలిపోతుందని తెలిసి తీసుకోవాలి.

డిడక్టిబుల్‌ని ప్రతిసారీ జేబులోంచే కట్టాలని లేదు. ఉద్యోగం ఇచ్చే చోట కుటుంబానికి 5 లక్షల పాలసీ ఉంటే, దాని పైన 5 లక్షల డిడక్టిబుల్‌తో 15 లక్షల సూపర్ టాప్-అప్ తీసుకోవచ్చు. మామూలుగా టాప్-అప్ అంటే డిడక్టిబుల్‌ని క్లెయిమ్‌కి ఒకసారి లెక్కిస్తుంది, సూపర్ టాప్-అప్ ఏడాదికి కలిపి లెక్కిస్తుంది. 12 లక్షల ఖర్చు వస్తే మొదటి 5 లక్షలు ఉద్యోగం పాలసీ ఇస్తుంది, మిగిలిన 7 లక్షలు సూపర్ టాప్-అప్ ఇస్తుంది. ఒప్పుకోని ఖర్చులు తప్ప కుటుంబం కట్టేది ఏమీ ఉండదు. నాకు తెలిసినంతలో ఉద్యోగస్తులకు ఇంతకంటే పొదుపైన ఏర్పాటు లేదు.

అయితే ఉద్యోగం పోయిన రోజున కింది 5 లక్షలు మాయమవుతాయి, పైన డిడక్టిబుల్ మాత్రం అలాగే ఉంటుంది. అప్పుడు 3 లక్షల బిల్లు వస్తే పాలసీ ఉండి కూడా మూడు లక్షలూ ఇంటిమీదే పడతాయి. జీతం ఆగిన సమయంలోనే ఆ దెబ్బ తగులుతుంది. కాబట్టి ఉద్యోగం మారుతున్నప్పుడు కొత్త చోట పాలసీ ఏ రోజు నుంచి మొదలవుతుందో కనుక్కుని, మధ్యలో ఖాళీ ఉంటే ఆ ఖాళీకి సొంతంగా ఒక పాలసీ ఉండేలా చూసుకోవాలి. ఉద్యోగం మీద నమ్మకం లేనివాళ్లు మొదటి నుంచే చిన్న సొంత పాలసీ ఒకటి నడుపుకోవడం మంచిది. ముందునుంచీ ఉన్న జబ్బులకు పాలసీల్లో నిరీక్షణ కాలం ఉంటుంది, అది అవసరం వచ్చిన రోజున కొంటే అప్పుడే మొదలవుతుంది.

సమ్ ఇన్సూర్డ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఎంత పెద్దదైతే అంత మంచిదని అందరికీ తెలుసు. తెలియనిది అది ఎంతమందికి అన్నదే. ఫ్లోటర్‌లో 5 లక్షలంటే ఇంటందరికీ కలిపి 5 లక్షలు. ఇంట్లో జబ్బులు ఒకరి తర్వాత ఒకరికి, వేర్వేరు ఏడాదుల్లో వస్తాయన్న లెక్కమీద అది సరిపోతుందనుకుంటాం. కానీ ఒకే కారులో వెళ్తూ ప్రమాదానికి గురైతే తండ్రీ కొడుకూ ఒకే రోజు ఆసుపత్రిలో చేరతారు. తండ్రికి 4.5 లక్షలు, కొడుక్కి 3 లక్షలు అయితే మొత్తం 7.5 లక్షలు, 5 లక్షల ఫ్లోటర్‌లో ఇంటివాళ్లు కట్టేది 2.5 లక్షలు. ఎవరికి వారికి 5 లక్షలున్న పాలసీ అయితే కట్టేది సున్నా. అయితే ఒక్కరికే 9 లక్షల ఖర్చు వస్తే మనిషికి 5 లక్షల పాలసీలో 4 లక్షలు మనవే, పక్కవాళ్ల వాటా వాడని పదిహేను లక్షలూ ఊరికే ఉండిపోతాయి. అందుకే నలుగురి ఇంటికి మనిషికి అయిదేసి కంటే, అందరికీ కలిపి 15 లక్షల ఫ్లోటర్‌నే నేను ఎంచుకుంటాను.

డిడక్టిబుల్ రూపంలోగానీ కోపే రూపంలోగానీ మనం కట్టిన డబ్బు సమ్ ఇన్సూర్డ్‌లోంచి తగ్గదు, కంపెనీ ఇచ్చింది మాత్రమే తగ్గుతుంది. 15 లక్షల పాలసీలో లక్ష డిడక్టిబుల్ ఉంటే మిగిలేది పద్నాలుగే కదా అని చాలామంది అడుగుతారు. కాదు, లక్ష మనం భరించాక కంపెనీ వైపు నుంచి పూర్తి 15 లక్షలు ఉంటాయి. పట్టికలో 25 లక్షల ఖర్చుకు కుటుంబం వాటా పదకొండు కాక పది కావడానికి కారణం ఇదే.

మా బావ ఇంటికి ఈ లెక్కంతా వేశాక ఇలా నిర్ణయించుకున్నారు. బావ, అక్క, పిల్లలకు 15 లక్షల ఫ్లోటర్, ఏడాది లెక్కన లక్ష డిడక్టిబుల్. బ్యాంకులో ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకునేలా విడిగా 1.3 లక్షలు. అత్తయ్య పాలసీ వేరుగా అలాగే ఉంచారు. ఆ వయసులో, ఆ జబ్బుల తర్వాత కోపే లేని పాలసీ ఆవిడకు దొరకలేదు. పది లక్షల ఖర్చు వస్తే ఆవిడ కోపే వాటా రెండు లక్షలవుతుంది కాబట్టి, దానికోసం నెలనెలా కొంత వేస్తున్నారు. ఇంకో పాలసీ చూస్తున్నప్పుడు కంపెనీకి మెయిల్‌లో మూడే ప్రశ్నలు పంపించారు: డిడక్టిబుల్ ఏడాదికా, క్లెయిమ్‌కా, ఇంటందరికీ కలిపా, మనిషికి విడిగానా? కోపే ఎవరికి, ఏ ఆసుపత్రిలో, సమ్ ఇన్సూర్డ్‌కి ముందా తర్వాతా? ఒప్పుకున్న ఖర్చు 12 లక్షలైతే మేం కట్టాల్సింది ఎంత, వరుసగా లెక్క రాసి చూపించండి. మూడో ప్రశ్నకు ఫోన్లో ఒక అంకె చెప్పారు, మెయిల్‌లో వచ్చిన అంకె వేరు. ఆ పాలసీ వద్దనుకున్నారు.